పన్నెండు గంటల ముందే క్యాన్సిల్ చేసినా సగం డబ్బులు ఎందుకు పోయాయి?

చిత్తూరులో సాయంత్రం 6:30కి బయలుదేరి, తిరుపతి లీలామహల్ సర్కిల్‌కు 8:30కి వచ్చి, కడప, కర్నూలు మీదుగా హైదరాబాద్ పోయే ఒక ఏసీ స్లీపర్ బస్సు ఉందనుకుందాం. టికెట్ 1,240 రూపాయలు, దాని మీద 5 శాతం జీఎస్టీ 62, మొత్తం 1,302. క్యాన్సిల్ చేస్తే ఎంత పట్టుకుంటారో టికెట్ మీదే ఉంటుంది: 24 గంటలో అంతకంటే ఎక్కువో టైమ్ ఉంటే 10 శాతం, 24 లోపు 12 వరకు ఉంటే 25 శాతం, 12 లోపు 6 వరకు ఉంటే సగం, ఆరు గంటల కంటే తక్కువైతే పైసా రాదు. ఈ బస్సు, ఈ స్లాబులు నేను లెక్క కోసం పెట్టుకున్నవే, కానీ ప్రైవేటు బస్సు టికెట్లు కొనే ఎవరికైనా ఇలాంటివి కొత్త కాదు.

శనివారం రాత్రి తిరుపతిలో ఎక్కాల్సిన ఒకాయన అదే రోజు పొద్దున 8:20కి క్యాన్సిల్ చేశాడు. వేళ్ల మీద లెక్కేసుకున్నాడు, రాత్రి 8:30కి బస్సు, అంటే ఇంకా 12 గంటల 10 నిమిషాలు ఉంది, పోయేది 25 శాతమే, కాబట్టి 976 రూపాయల 50 పైసలు రావాలి. ఫోన్‌కి వచ్చిన మెసేజ్‌లో మాత్రం 651 అని ఉంది. నేరుగా ట్రావెల్స్ ఆఫీసుకే వెళ్లి అడిగాడు.

"అన్నా, పన్నెండు గంటలకు ముందే క్యాన్సిల్ చేసినా కదా, సగం ఎట్లా పట్టుకుంటారు?"

"సిస్టంలో అట్లే చూపిస్తా ఉంది సార్, మేమేం చేసేది."

ఇక్కడ ఆయన లెక్కలో కూడిక తీసివేతల తప్పేమీ లేదు, సిస్టం లెక్కలోనూ లేదు. ఇద్దరూ వేర్వేరు గడియారాల నుంచి మొదలుపెట్టారు, అంతే. ఆయన తాను ఎక్కే చోటి టైమ్ నుంచి వెనక్కి లెక్కేశాడు. సిస్టం బస్సు మొట్టమొదట కదిలే చోటి నుంచి, అంటే చిత్తూరు 6:30 నుంచి లెక్కేసింది. అలా చూస్తే మిగిలింది 10 గంటల 10 నిమిషాలే, కాబట్టి 50 శాతం స్లాబులో పడ్డాడు. చాలా బస్సు టికెట్ల అడుగున, షరతుల మధ్యలో చిన్న అక్షరాల్లో, క్యాన్సిలేషన్ చార్జీలు సర్వీసు మొదలయ్యే టైమ్‌ను బట్టి లెక్కిస్తాం అని ఒక లైను, పక్కనే ఆ తేదీ, టైమ్ రాసి ఉంటాయి. మనం చూసేది బోర్డింగ్ పాయింటు, డ్రైవర్ నంబరు, సీటు నంబరు, ఆ మూడే.

జీఎస్టీ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే "టికెట్ డబ్బుల్లో సగం సరే, ట్యాక్సులో ఎందుకు కోశారు" అనే గొడవ తరచూ వింటుంటాం. క్యాన్సిలేషన్ చార్జీకి కూడా అసలు ప్రయాణానికి వేసిన రేటే వర్తిస్తుందని 2022 ఆగస్టు 3న వచ్చిన జీఎస్టీ సర్క్యులర్ స్పష్టం చేసింది. 1,240లో సగం 620 పట్టుకుంటే దాని మీద 5 శాతం 31, మొత్తం 651 కోత, మిగతా 651 వెనక్కి. మొత్తం 1,302లో నేరుగా సగం తీసినా అదే 651 వస్తుంది. ట్యాక్సు రేటు ఒక్కటే అయినప్పుడు ఏ దారిలో వెళ్లినా ఒకే చోటికి చేరతాం, కాబట్టి ఇందులో పెద్ద మతలబు లేదు. మతలబంతా స్లాబు ఎంచుకునే దగ్గరే.

అందుకే నా వరకు, రీఫండ్ లెక్కించే ఏ సిస్టమైనా డబ్బు మొత్తం ఒక్కటే చెప్పి ఊరుకుంటే సగం పనే చేసినట్టు. ఏ స్లాబు తగిలింది, ఏ టైమ్ నుంచి ఏ టైమ్‌కు లెక్కేసింది అన్నది కూడా ఆ మొత్తంతో పాటే బయటికి రావాలి. పైన చెప్పినాయనకు "రీఫండ్ 651" అనే బదులు "చిత్తూరు 18:30 నుంచి లెక్క, మిగిలిన సమయం 10:10, స్లాబు 12 నుంచి 6 గంటలు, కోత 50 శాతం, రీఫండ్ 651" అని వచ్చి ఉంటే కోపం రావచ్చు గానీ అయోమయం ఉండదు, కౌంటర్లో కుర్రాడికీ చెప్పడానికి ఒక మాట దొరుకుతుంది.

డబ్బును బట్టి స్లాబు ఏదో మనమే కనిపెట్టుకోలేమా అంటే, పై కేసులో కనిపెట్టొచ్చు, సగం వచ్చిందంటే సగం స్లాబే. అన్నిసార్లూ అలా కుదరదు. దానికి రైలు టికెట్ తీసుకుందాం, అక్కడ నిబంధనలు రాతపూర్వకంగా ఉంటాయి కాబట్టి అంచుల దాకా చూడొచ్చు.

2015 నవంబరు 12న అమల్లోకి వచ్చిన రైల్వే రీఫండ్ నిబంధనల్లో కన్ఫర్మ్ అయిన మామూలు టికెట్‌కు లెక్క ఇలా పెట్టారు. బండి బయలుదేరాల్సిన టైమ్‌కు 48 గంటల కంటే ముందు క్యాన్సిల్ చేస్తే ఒక్కో ప్రయాణికుడికి స్థిరమైన చార్జీ, స్లీపర్‌కు 120 రూపాయలు, థర్డ్ ఏసీకి 180, సెకండ్ ఏసీకి 200 (ఏసీ తరగతులకు పైన జీఎస్టీ అదనం). 48 గంటల లోపు, 12 గంటల వరకు అయితే చార్జీలో 25 శాతం, 12 గంటల కంటే తక్కువ, 4 గంటల వరకు అయితే 50 శాతం, కానీ ఈ రెండింట్లోనూ కోత ఆ స్థిర చార్జీ కంటే తగ్గకూడదు. నాలుగు గంటల లోపు అయితే మామూలుగా ఏమీ రాదు. తత్కాల్, వెయిటింగ్ లిస్టు టికెట్లది వేరే దారి, వాటి జోలికి ఇప్పుడు వెళ్లను. ఆ తర్వాత స్లాబుల్లో మార్పులు కూడా వచ్చాయి, కాబట్టి మీ టికెట్ అంకెలు దాని మీదే చూసుకోండి. ఇక్కడ నాకు కావాల్సింది ఆ నిబంధన అల్లిక.

ఆ "తగ్గకూడదు" అన్న షరతే అసలు మెలిక. తిరుపతి నుంచి దగ్గర ఊరికి ఒక స్లీపర్ టికెట్, చార్జీ 200 రూపాయలు అనుకోండి. మూడు రోజుల ముందు క్యాన్సిల్ చేస్తే 120 పోతుంది, 80 వస్తుంది. ఒక రోజు ముందు చేస్తే 25 శాతం అంటే 50 రూపాయలే, కానీ 120 కంటే తక్కువ కాబట్టి 120 పోతుంది, 80 వస్తుంది. ఆరు గంటల ముందు చేస్తే సగం అంటే 100, అదీ 120 కంటే తక్కువే, మళ్లీ 120 పోతుంది, 80 వస్తుంది. మూడు స్లాబుల్లోనూ అదే 80. ఇప్పుడు మీ చేతిలో "రీఫండ్ 80" అన్న మెసేజ్ ఉంటే ఏ స్లాబు తగిలిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. స్లాబు తప్పుగా తగిలినా ఆ టికెట్‌లో బయటపడదు, 900 రూపాయల టికెట్ వచ్చినప్పుడు మాత్రం కొంప ముంచుతుంది. సాఫ్ట్‌వేర్ పరీక్షించేవాళ్లు తక్కువ చార్జీ టికెట్లతోనే చూసి అంతా బాగుందని వదిలేస్తే జరిగేది ఇదే.

ఇదే షరతు ఇంకో చోట కూడా దెబ్బకొడుతుంది. స్థిర చార్జీ ఒక్కో ప్రయాణికుడికి, ఒక్కో పీఎన్‌ఆర్‌కు కాదు. నలుగురు ఉన్న 800 రూపాయల టికెట్‌ను ఒక రోజు ముందు క్యాన్సిల్ చేశారు. మొత్తం మీద ఒకేసారి లెక్కేస్తే 800లో 25 శాతం 200, అది 120 కంటే ఎక్కువ, కాబట్టి కోత 200, రీఫండ్ 600 అని వస్తుంది. మనిషి మనిషికీ వేస్తే ఒక్కొక్కరికి 120, నలుగురికి 480, రీఫండ్ 320. నిబంధన ప్రకారం రెండోదే సరి. శాతం ఒక్కటే ఉన్నంతవరకు కలిపి లెక్కేసినా, విడివిడిగా లెక్కేసినా తేడా రాదు, కనీస మొత్తం అనే మాట చేరగానే వస్తుంది. కాబట్టి లెక్కంతా ఒక మనిషికి చేసి, చివర్లో కూడుకోవాలి. ఇంట్లో ఒకళ్లు మాత్రం ఆగిపోయి మిగతావాళ్లు వెళ్లేటప్పుడు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

ఇక అంచులు. సరిగ్గా 48 గంటల 0 నిమిషాలు ఉన్నప్పుడు ఏ స్లాబు? నిబంధనలో పైది "48 గంటల కంటే ఎక్కువ", కాబట్టి కచ్చితంగా 48 అయితే అందులో పడదు, 25 శాతంలోకి జారుతుంది. సరిగ్గా 12 గంటలు అయితే? అక్కడ మాట "12 గంటల వరకు", అంటే 12 కూడా 25 శాతంలోనే. సరిగ్గా 4 గంటలు? "4 గంటల వరకు", కాబట్టి ఇంకా 50 శాతంలోనే ఉంది. చూశారా, ఒకే నిబంధనలో మొదటి గీత దగ్గర సమానం చేరదు, తర్వాతి రెండు గీతల దగ్గర చేరుతుంది. అన్నింటికీ ఒకే గుర్తు పెట్టి రాసేస్తే ఏదో ఒక అంచు దగ్గర తప్పుతుంది. ఆ ఒక్క క్షణంలో ఎవరు క్యాన్సిల్ చేస్తారులే అనుకోవచ్చు, కానీ గంటలకు కాకుండా నిమిషాలకు కుదించి పోల్చే సిస్టంలో ఆ "క్షణం" అరవై సెకన్లు ఉంటుంది, గడువు దాటిపోతుందని ఆదరాబాదరాగా క్యాన్సిల్ చేసేవాళ్లంతా ఆ అరవై సెకన్ల చుట్టుపక్కలే ఉంటారు.

నిమిషాలకు కుదిస్తేనే ఇంత ఉంటే, గంటలకు సరిచేసే వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. 11 గంటల 45 నిమిషాలను దగ్గరి పూర్ణాంకానికి సరిచేస్తే 12 అవుతుంది, ప్రయాణికుడికి రావాల్సిన దానికంటే ఎక్కువ వస్తుంది. కిందికి కోసేస్తే 48 గంటల 40 నిమిషాలు కాస్తా 48 అవుతుంది, అప్పుడు "48 కంటే ఎక్కువ" అన్న షరతు తగలక పాపం ఆయనకు తక్కువ వస్తుంది. టైమ్‌ను ఎక్కడా సరిచేయకుండా, రెండు సమయాల మధ్య తేడాను ఉన్నదున్నట్టు గీతతో పోల్చడమే మార్గం.

ఇవన్నీ కలిపి ఒక మనిషికి రాస్తే ఇంతే అవుతుంది. డబ్బు అంతా పైసల్లో, పూర్ణాంకాల్లో ఉంది, ఏసీ తరగతుల జీఎస్టీని తేలిగ్గా ఉండాలని పక్కన పెట్టాను:

```python
from datetime import timedelta as td

SLABS = [
    ("OVER_48H",   td(hours=48), False, 0),
    ("48H_TO_12H", td(hours=12), True, 25),
    ("12H_TO_4H",  td(hours=4),  True, 50),
]

def quote(fare, flat, departs, cancelled):
    left = departs - cancelled
    for slab, edge, incl, pct in SLABS:
        if left > edge or (incl and left == edge):
            pct_cut = fare * pct // 100
            cut = min(fare, max(flat, pct_cut))
            return {"slab": slab, "left": str(left),
                    "cut": cut, "flat_used": flat > pct_cut,
                    "refund": fare - cut}
    return {"slab": "UNDER_4H", "left": str(left),
            "cut": fare, "flat_used": False, "refund": 0}
```

ఇందులో చూడాల్సినవి రెండే. ఒకటి, స్లాబులు పెద్ద గంటల నుంచి చిన్న గంటలకు దిగుతున్నాయి, మొదట ఏది తగిలితే దానితో ఆగిపోతుంది. వరస తిరగేసి 4 గంటలది ముందు పెడితే, 60 గంటల ముందు క్యాన్సిల్ చేసినాయన కూడా "4 కంటే ఎక్కువే కదా" అని 50 శాతంలో ఇరుక్కుంటాడు, కింద ఉన్న మిగతా స్లాబుల దాకా లెక్క వెళ్లనే వెళ్లదు. దీన్ని పట్టుకోవడం సులువు, ఒక నెల రీఫండ్లు తీసి స్లాబు వారీగా లెక్కపెడితే రెండు స్లాబుల్లో సున్నా కనిపిస్తుంది. అయితే అలా లెక్కపెట్టాలంటే ప్రతి రీఫండ్‌తో స్లాబు పేరు కూడా భద్రపరిచి ఉండాలి, మళ్లీ అక్కడికే వచ్చాం.

రెండోది `flat_used`. మన 200 రూపాయల టికెట్‌ను ఇందులో వేస్తే (`fare` 20000, `flat` 12000) మూడు స్లాబుల్లోనూ `refund` 8000 అనే వస్తుంది, కానీ `slab` మూడు చోట్లా వేరుగా ఉంటుంది, `flat_used` మాత్రం `True` అని ఉంటుంది. "25 శాతమన్నారు, 60 శాతం పట్టుకున్నారేంటి" అని అడిగే వాళ్లకు జవాబు ఆ ఒక్క మాటలో ఉంది: శాతం చిన్నదైంది, కనీస చార్జీ తగిలింది. స్లాబు పేరు చెప్పి ఇది చెప్పకపోతే, స్లాబు చెప్పడం వల్లే ఇంకో కొత్త గొడవ మొదలవుతుంది.

ఇదంతా సరిగ్గా రాసినా లోపలికి వెళ్లే రెండు టైమ్‌లు తప్పైతే వృథానే. `departs` అంటే బండి బయలుదేరాల్సిన టైమ్, నిజంగా బయలుదేరిన టైమ్ కాదు. బండి రెండు గంటలు లేటని తెలిసి, ఆ రెండు గంటలు మనకు కలిసొస్తాయి అనుకుంటే కుదరదు, స్లాబు గీతలు లేటుతో పాటు జరగవు. `cancelled` అంటే ప్రయాణికుడు నొక్కింది సర్వర్‌కు చేరిన క్షణం. ఆయన ఫోన్ గడియారాన్ని నమ్మకూడదు, అది పది నిమిషాలు వెనక్కి తిప్పడం ఎవరికైనా చేతనైన పనే. అలాగని సర్వర్‌లో ఆ పని వరసలో నిలబడి, ఇరవై నిమిషాల తర్వాత మొదలైనప్పుడు ఉన్న టైమ్ కూడా తీసుకోకూడదు. బ్రహ్మోత్సవాలప్పుడో వైకుంఠ ఏకాదశికో రద్దీ పెరిగి సిస్టం నెమ్మదిస్తే, గడువు లోపే నొక్కినవాళ్లు గడువు దాటిన స్లాబులో పడిపోతారు. ఎవరి తప్పుకో ఎవరో డబ్బు కట్టడం అవుతుంది. చేరిన క్షణాన్ని చేరగానే రాసిపెట్టుకుని, లెక్క ఎప్పుడు జరిగినా ఆ టైమ్‌తోనే చేయాలి.

ఇంకోటి ఐదున్నర గంటల జబ్బు. బయలుదేరే టైమ్‌ను మన టైమ్‌లో దాచి, "ఇప్పుడు" అన్నదాన్ని మాత్రం సర్వర్ మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే యూటీసీలో ఇస్తుంటే, ఇక్కడ మధ్యాహ్నం 2 అయినప్పుడు సర్వర్‌కు పొద్దున 8:30 అన్నట్టు. రాత్రి 8:30కి మొదలయ్యే బస్సుకు మిగిలింది ఆరున్నర గంటలే అయినా 12 గంటలని లెక్కేస్తుంది, ప్రతి ఒక్కరికీ ఒక మెట్టు పై స్లాబు దొరికినా దొరుకుతుంది. ఇది కనిపెట్టడం ఎందుకు కష్టమంటే, ఎక్కువ డబ్బు వచ్చిన ప్రయాణికుడు ఫిర్యాదు చేయడు. బస్సు బయలుదేరడానికి గంట ముందు క్యాన్సిల్ చేసినవాళ్లకు కూడా రీఫండ్ వెళ్లిందేమో చూడండి, వెళ్లి ఉంటే జబ్బు ఇదే. `left` విలువను రీఫండ్‌తో పాటు దాచి ఉంచితే పక్కనే టైమ్‌లు పెట్టుకుని నిమిషంలో తేల్చొచ్చు.

క్యాన్సిల్ చేయకముందే చూపించే లెక్క గురించి కూడా ఒక మాట. స్క్రీన్ మీద "మీకు 976.50 వస్తుంది" అని చూపించి, ఆయన ఇంట్లోవాళ్లను అడిగి పావుగంట తర్వాత సరే అని నొక్కేసరికి 651 ఇస్తే దొంగలెక్క అనే అంటారు. చూపించేటప్పుడే ఆ స్లాబు ఏ టైమ్ వరకు ఉంటుందో కూడా చూపించాలి, అది బయలుదేరే టైమ్ లోంచి స్లాబు గీతను తీసేస్తే వచ్చేదే, పెద్ద పనేం కాదు. సాయంత్రం 6:30 సర్వీసుకు 25 శాతం స్లాబు పొద్దున 6:30 వరకే. నొక్కినప్పుడు మళ్లీ లెక్కేసి, స్లాబు మారి ఉంటే ముందు అడిగి ఆ తర్వాతే క్యాన్సిల్ చేయాలి.

స్లాబుల పట్టిక కూడా ఎప్పటికీ ఒకటే ఉండదు. 2015 నిబంధనలకు ముందు రైల్వేలో 50 శాతం స్లాబు బండి బయలుదేరాక 2 గంటల వరకు కూడా ఉండేది, అంటే మిగిలిన సమయం మైనస్‌లోకి వెళ్లినా కొంత డబ్బు వచ్చేది. మిగిలిన సమయం సున్నా కంటే తక్కువైతే రీఫండ్ సున్నా అని కోడ్‌లో గట్టిగా రాసేసినవాళ్లు అలాంటి నిబంధనను పట్టికలో పెట్టలేరు. ప్రైవేటు బస్సులవాళ్లయితే పండగ రోజులకు వేరే స్లాబులు పెట్టుకోవచ్చు. జనవరిలో కొన్న టికెట్‌ను, ఫిబ్రవరిలో మార్చిన స్లాబులతో మార్చిలో కోయడం అన్యాయం. టికెట్ అమ్మిన రోజు ప్రయాణికుడికి ఏ పట్టిక చూపించారో దాని నంబరు టికెట్‌తోనే ఉండాలి, రీఫండ్ జవాబులో స్లాబు పేరు పక్కన ఆ నంబరూ రావాలి.

అసలు స్లాబుల దాకా పోకూడని కేసులు కూడా ఉన్నాయి. బస్సు యాజమాన్యమే సర్వీసు రద్దు చేసినా, బండి రద్దయినా ఎన్ని గంటల ముందన్న ప్రశ్నే రాదు, మొత్తం వెనక్కి రావాలి. రైలు మూడు గంటలకు మించి లేటై, ప్రయాణికుడు ఎక్కకపోతే పూర్తి రీఫండ్‌కు టీడీఆర్ అనే దరఖాస్తు దాఖలు చేసే దారి ఉంది, బండి నిజంగా బయలుదేరేలోపే ఆ పని చేయాలి. ఇవి స్లాబు లెక్కకంటే ముందే చూడాలి, వీటికి వచ్చే జవాబులో స్లాబు పేరు బదులు `SERVICE_CANCELLED` లాంటి కారణం ఉండాలి. దాన్ని ఖాళీగా వదిలేసినా, పూర్తి డబ్బు వచ్చింది కదా అని పై స్లాబు పేరు తగిలించినా, నెలాఖరున రద్దయిన సర్వీసుల లెక్క, ప్రయాణికులు మానుకున్న టికెట్ల లెక్క కలిసిపోయి అకౌంట్స్ చూసేవాళ్లు తల పట్టుకుంటారు.